రెండు బేసిన్ల మధ్య రాయి

మా అక్క కొత్తగా ఎవరింటికి పనికి వెళ్లినా ముందు గోడ కొలవదు. ఆలుమగలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పొద్దున్నే ఎవరు ఎన్నింటికి పళ్లు తోముకుంటారని అడుగుతుంది. తోముకునేటప్పుడు తలుపు వేసుకుంటారా తీసి ఉంచుతారా, ఎవరు నిలబడి దువ్వుకుంటారు, ఎవరు నురగ చుట్టూ చిందిస్తారు, అన్నీ కావాలి ఆవిడకి. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తీయరు. కొత్తవాళ్లు మొదట ముఖముఖాలు చూసుకుంటారు. ఓ పావుగంటయ్యాక ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం మొదలుపెడతారు. అక్కకి కావలసింది అదే.

అక్క పని బాత్రూమ్‌లు చేయించడం. ఆమెకు వీధి మలుపులో చిన్న కొట్టు ఉంది. ముందు గదిలో బేసిన్లు, కుళాయిలు. వెనక గదిలో అట్టపెట్టెలు, గమ్ డబ్బాలు. నేను ఆమె తమ్ముణ్ణి, వడ్రంగిని. బేసిన్ల కింద అరలూ సొరుగులూ నేనే చేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఇళ్లవాళ్లతో మాట్లాడే పని అక్క నాకు ఇవ్వదు. నువ్వు చెక్కతో మాట్లాడుకోరా, అది తిరిగి మాట్లాడదు అంటుంది.

ఆరాలు తీశాక అప్పుడు సంచిలోంచి కాగితం టేపు తీస్తుంది. రంగులు వేసేవాళ్లు అంచులకు అంటిస్తారే, అది. గోడ మీద రాతిపలక ఎంత ఎత్తున వస్తుందో అంటిస్తుంది, బేసిన్ ఎక్కడ వస్తుందో అట్టముక్క కోసి అతికిస్తుంది, నేల మీద ఇద్దరు నిలబడే చోట్లు గీస్తుంది. తర్వాత ఆలుమగల చేతికి చెరో బ్రష్షు ఇచ్చి, అక్కడ నిలబడి తోముకుంటున్నట్టు చేయమంటుంది. సిగ్గుపడినా వదలదు. వంగి ఉమ్మినట్టు చేయాలి, ముఖం కడిగినట్టు చేయాలి, తువ్వాలు అందుకున్నట్టు చేయాలి. ఈ నాటకం ఆడించనిదే ఒక్క గొట్టం కూడా వేయించదు. కూలీలంతా ఆమెని టేపక్క అంటారు. ముఖం మీద అన్నా ఏమీ అనుకోదు.

ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట వచ్చారు. హోటల్లో చూశారట, తమకీ రెండు బేసిన్లే కావాలట. వాళ్ల గోడ చూస్తే నాలుగున్నర అడుగులు. అక్క వాదించలేదు. రెండు అట్టముక్కలు అతికించి ఇద్దరినీ నిలబెట్టింది. అబ్బాయి బ్రష్షు నోటి దగ్గరికి తీసుకెళ్లాడో లేదో మోచెయ్యి వెళ్లి అమ్మాయి చెవికి తగిలింది. పైగా సబ్బు పెట్టుకోవడానికి పలక మీద చోటు లేదు, దువ్వెన పెట్టడానికి లేదు. ఇద్దరూ నవ్వుకుని ఒక్క బేసిన్ పెట్టించుకున్నారు, అటూ ఇటూ చోటు వదిలి. గోడ కనీసం ఐదడుగులు లేకపోతే రెండు బేసిన్ల మాటే ఎత్తకూడదని, హాయిగా ఉండాలంటే ఆరడుగులు కావాలని ఆ రోజు నాకు కొత్తగా చెప్పినట్టు చెప్పింది. అంతకు ముందు వందసార్లు చెప్పింది.

ఇంకో ఇంట్లో ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పేవాళ్లే. ఒకే గంటకి లేవాలి, ఒకే బస్సు ఎక్కాలి. వాళ్లకి ఒక్క బేసిన్ ఉండేది. ఆయన గడ్డం గీసుకుని వదిలిన వెంట్రుకల్లో ఆవిడ ముఖం కడుక్కోవాలి. రోజూ బస్సెక్కేసరికి ఇద్దరి ముఖాలూ మాడిపోయి ఉండేవి. గోడ ఏడడుగులుంది. అక్క మారు మాట లేకుండా రెండు బేసిన్లు పెట్టించింది, ఎవరి అద్దం వాళ్లకి, ఎవరి సొరుగు వాళ్లకి. ఆ మరుసటి నెల ఆవిడ కొట్టుకొచ్చి అక్క చేతులు పట్టుకుని మరీ చెప్పి వెళ్లింది, పొద్దుటి పూట ఇంట్లో గొంతులు లేవడం మానేశాయని.

రెండు బేసిన్లంటే అందంగానే ఉంటాయి, కానీ ఊరికే రావు అంటుంది అక్క. రెండు కుళాయిలు, కింద రెండు వంపు గొట్టాలు, కారడానికి రెండు చోట్లు, తోమడానికి రెండు గిన్నెలు. నా సొరుగుల్లో సగం చోటు గొట్టాలే మింగేస్తాయి, అది నా ఏడుపు. ఒకరు పగలూ ఒకరు రాత్రీ డ్యూటీలు చేసే ఇళ్లలో ఆ రెండోది ఎప్పుడూ ఎండిపోయి దుమ్ము పట్టి ఉంటుంది. అలాంటివాళ్లకీ, తొందర లేనివాళ్లకీ, చంటిపిల్లలున్నవాళ్లకీ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవలసినవాళ్లకీ ఒక్క పొడుగు బేసిన్ మంచిది. రెండు కుళాయిలు పెడితే ఇద్దరూ పక్కపక్కనే నిలబడొచ్చు. కాకపోతే ఒకటి. పొడుగు బేసిన్లో దాపరికం ఉండదు. ఒకరు ఉమ్మింది ఇంకొకరికి కనబడుతుంది. అది భరించగలిగినవాళ్లకే అమ్ముతానని అక్క నవ్వుతూ అనేది.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఏముండేదయ్యా అంటే, పడకగది బాత్రూమ్ మూలలో ఓ చిన్న బేసిన్. పళ్లెమంత ఉంటుంది. ముఖం కడుక్కుంటే మోకాళ్లు తడుస్తాయి. ఊరందరికీ చేయించి తన ఇంటికి చేయించుకోలేదేమని నేను ఎన్నిసార్లు పోరినా, మాకెందుకురా, మేమిద్దరం ఆ బేసిన్ దగ్గర ఎప్పుడు కలిశాం గనక అనేది.

అదీ నిజమే. బావకి సెలూన్ ఉండేది. తెల్లవారకముందే లేచి, గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టు తీసేవాడు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు పొద్దున్నే వరస కట్టేవారు. అక్క లేచేసరికి బావ వాడిన సబ్బు వాసన మాత్రం బాత్రూమ్‌లో ఉండేది. బావ నోట్లో నాలుక లేని మనిషి. కుర్చీలో కూర్చున్నవాళ్లు రాజకీయాలు మాట్లాడినా, పెళ్లాం మీద చెప్పుకున్నా, ఊ కొడుతూ పని చేసుకునేవాడు. ఆయన చెయ్యి మాత్రం మాట్లాడేది. చెంప మీద కత్తి పెడితే పెట్టినట్టే తెలియదు. నా పెళ్లికి నాకు గడ్డం చేసింది ఆయనే; సగంలో నిద్రపోయాను.

అలాంటి బావ ఓ రోజు మోకాళ్ల నొప్పులని చెప్పి సెలూన్ ఎవరికో ఇచ్చేశాడు. నిలబడి నిలబడి అరిగిపోయాయని మేమూ నమ్మాం. సరిగ్గా అప్పుడే పాత బాత్రూమ్ గోడ చెమ్మెక్కి, ఇవతల పడకగది సున్నం పెచ్చులు ఊడటం మొదలైంది. పగలగొట్టక తప్పలేదు. పక్కనున్న సామాన్ల గది గోడ తీసేస్తే ఏడడుగుల గోడ వస్తుందని అక్క లెక్క. నాకు ఫోన్ చేసి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. పొడుగు బేసిన్ పెట్టిద్దాంరా, రెండు కుళాయిలు, ఓ పెద్ద అద్దం, ఇప్పుడిక ఇద్దరికీ తొందర లేదు, ఇన్నేళ్లకి పక్కపక్కన నిలబడి పళ్లు తోముకుంటాం అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఆమె సరదాకి అనడం లేదు.

భోజనాల దగ్గర అక్క ఆ మాట బావతో చెప్పినప్పుడు నేనూ ఉన్నాను. బావ తలెత్తకుండా అన్నాడు. "రెండు పెట్టించు. నాది మూల గోడ వైపు."

అక్క నమ్మలేదు. మళ్లీ అడిగింది. రెండు బేసిన్లే కావాలన్నాడు. మధ్యలో పలక మీద పొడుగ్గా ఓ అలమర కూడా కావాలన్నాడు, తల ఎత్తు వరకు, తువ్వాళ్లు పెట్టుకోవడానికి. అడ్డు అలమర కొత్త సంగతేం కాదు, రెండు బేసిన్ల మధ్య సామాను పెట్టుకోవడానికి చాలామంది చేయించుకుంటారు. కానీ బట్టల బీరువా ఎటు తెరుచుకుంటుందో కూడా పట్టించుకోని మనిషి అలమర గురించి మాట్లాడటం ఏమిటని నాకు వింతగా అనిపించింది.

అక్క తన పాఠమంతా అప్పజెప్పింది. తొందర లేనివాళ్లకి రెండెందుకంది. తోమేది నేనే కదా అంది. బావ చెవిలో వేసుకోలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఇది కావాలని నేనెప్పుడైనా అడిగానా అన్నాడు. నిజంగానే ఆయన ఏదీ అడగలేదు.

నేను చెయ్యి కడుక్కోవడానికి లేస్తే నా వెనకే వంటగదిలోకి వచ్చి అక్క మెల్లగా అంది. "నేను పక్కన నిలబడటం ఆయనకి అంత బరువైందేమిట్రా?"

అలాంటిదేం లేదక్కా అన్నాను గానీ నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద. ఏం మనిషి, పొద్దున్నే పెళ్లాం ముఖం చూడకుండా ఉండటానికి మధ్యలో గోడ కావాలా అనుకున్నాను. ఆ కోపం మీదే అలమర చేశాను. మేకులు మామూలు కన్నా గట్టిగా దిగాయి.

అక్క చేసిన తప్పు ఒక్కటే. ఎవరింట్లోనూ మానని టేపు తన ఇంట్లో మానేసింది. ఎవరి ముందు ఆడాలి ఈ నాటకం, ఆయన కోరింది పెట్టించేస్తే సరిపోతుందని ముఖం ముడుచుకుని తిరిగింది. గోడలో రెండు నీళ్ల గొట్టాల జతలు వేయించింది, రెండు తూములు పెట్టించింది. రాళ్ల మేస్త్రి నల్లటి గ్రానైట్ పలకకి రెండు గుండ్రాలు కోసి తెచ్చాడు. రెండింటి మధ్య జానెడున్నర రాయి మిగిలింది, నా అలమర నిలబడటానికి. నేను చేసిన సొరుగుల పెట్టె మీద ఆ పలకని ఊరికే పెట్టి చూశాం, ఇంకా అతికించలేదు. బేసిన్లు రెండూ పెట్టెల్లోనే ఉన్నాయి. హాల్లో అలమర గోడకి ఆనించి ఉంది.

ఇక అద్దాలు. అద్దం ఎత్తు కళ్లని బట్టి పెట్టాలి, దీపం ముఖానికి రెండు పక్కలా పెట్టాలి, లేకపోతే గడ్డం కింద నీడ పడుతుంది. అది మనిషిని నిలబెట్టకుండా తేలేది కాదు. అక్క బావని పిలిచింది. ఆయన రానన్నాడు. నా ఎత్తు నీకు తెలియదా, నువ్వే గీసెయ్యి అన్నాడు. అక్కకి ఎన్నాళ్లనుంచో బిగబట్టుకున్నది తన్నుకొచ్చింది. ఊళ్లో ప్రతివాడూ నేను చెబితే బ్రష్షు పట్టుకుని నిలబడతాడు, నా ఇంట్లో నా మాట చెల్లదా అంది. బావ లేచి వచ్చాడు.

గోడ వైపు గుండ్రం ముందు నిలబడ్డాడు. అక్క కళ్ల ఎత్తున టేపు అంటించింది. తర్వాత అలవాటు కొద్దీ ఇళ్లవాళ్లకి చెప్పినట్టే చెప్పింది, గడ్డం గీసుకుంటున్నట్టు చేయండి, మోచెయ్యి ఎంత దూరం వస్తుందో చూడాలి అని. నా చెవి మీదున్న పెన్సిల్ తీసి ఆయన చేతిలో పెట్టింది. వడ్రంగి పెన్సిల్, బల్లపరుపుగా మందంగా ఉంటుంది.

బావ దాన్ని ఓ క్షణం చూశాడు. చెంప దగ్గరికి ఎత్తాడు. ఎత్తుతుండగానే ఆయన మోచెయ్యి వెళ్లి గోడకి గట్టిగా ఆనుకుంది. ఎడమ చెయ్యి దానంతట అదే లేచి కుడి మణికట్టు పట్టుకుంది. అయినా పెన్సిల్ మొన ఆగలేదు. గాలికి ఆకు ఊగినట్టు ఊగుతోంది. చెంప మీద చెవి దగ్గర నుంచి కిందికి వంకర టింకరగా నల్లటి గీత పడింది.

ఆయన గడ్డం మీద తెగినచోట కాగితం ముక్కలు అతికించుకుని తిరగడం, అడిగితే కొత్త బ్లేడు అనడం, టీ సగం గ్లాసే పోయించుకోవడం, తాళం కప్పలో పెట్టమని ఎప్పుడూ నా చేతికి ఇవ్వడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అన్నీ చూశాను. ఒక్కటీ చూడలేదు.

అక్క టేపు చుట్ట పలక మీద పెట్టింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. బావ నీళ్లు నమిలాడు. మోకాళ్లన్నాడు, నిద్ర చాలలేదన్నాడు. అక్క మళ్లీ అదే అడిగింది. చివరికి ఆయన పెన్సిల్ నాకు ఇచ్చేసి, అద్దం ఇంకా లేని గోడవైపే చూస్తూ చెప్పాడు.

"మనింటి వెనక సందులో ఉండే పెద్దాయన, పాతికేళ్లుగా నా దగ్గరకే వచ్చేవాడు. మెడ మీద కత్తి పెట్టాను. నా చెయ్యి వణకడం అద్దంలో చూశాడు. చూసి, గట్టిగా కళ్లు మూసుకున్నాడు. తెగింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది."

మర్నాడే సెలూన్ ఇచ్చేశాడట. గడ్డం గీసుకోవడం మాత్రం మానలేకపోయాడు. ఊరందరికీ గడ్డం చేసిన వాణ్ణి మాసిన ముఖంతో ఎలా తిరగను అన్నాడు. పాత బాత్రూమ్‌లో అయితే తలుపు వేసుకునేవాడు. కొత్తదాంట్లో బేసిన్ల దగ్గర తలుపు లేదు, మరుగుదొడ్డికే ఉంది. అక్క పక్కనే నిలబడి రోజూ ఇది చూస్తుంది. అందుకని రెండు, అందుకని మూల, అందుకని అలమర. మూడూ అడగడానికి తనకి ఎంత కష్టమైందో కూడా గోడకు చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"నువ్వు కూడా అలా కళ్లు మూసుకుంటావనుకున్నాను" అన్నాడు.

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం తెచ్చుకుంది. తాను పక్కన నిలబడటమే ఆయనకి గిట్టడం లేదనుకుని ఈ నెలంతా కుమిలిపోయానని, అద్దంలో చూసుకుని నాలో ఏం తప్పుందా అని వెతుక్కున్నానని, వణికే చెయ్యి దాచుకోవడానికి నన్ను దూరం పెడతారా అని ఉతికి ఆరేసింది. బావ తలవంచుకుని విన్నాడు. కడిగిపారేసి ఊపిరి తీసుకున్నాక అక్క గొంతు ఒక్కసారిగా మారిపోయింది. చాలా నొప్పి పెట్టిందా అని చెంప మీది గీత తుడవబోయింది. పెన్సిల్ గీత నొప్పెలా పెడుతుంది. అయినా బావ ముఖం తిప్పుకోలేదు.

మధ్యలో నేనొకణ్ణి ఉన్నానని గుర్తుచేయడానికి, ఇప్పుడు కరెంటు రేజర్లు వచ్చాయి కదా బావా, తెగే భయమే లేదు అన్నాను. బావ నావైపు చూసిన చూపు మాటల్లో చెప్పలేను. ప్యాకెట్ అన్నం పెడితే వంటమనిషి చూసినట్టు చూశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత అక్క చేసింది మాత్రం నేను మరిచిపోను. జాలిపడి తన మాట నెగ్గించుకోలేదు. టేపు చుట్ట తీసుకుని, పలక మీద రెండు గుండ్రాలూ కలిసి వచ్చేలా, మధ్య రాయి మీదుగా పొడుగ్గా ఓ పెట్టె గీసినట్టు అంటించింది. నేల మీద ఇద్దరు నిలబడే చోట్లు అంటించింది. భుజానికీ భుజానికీ మధ్య మోచెయ్యి ఆడేంత చోటు వదిలింది. అప్పుడు బావతో, ఇళ్లవాళ్లతో మాట్లాడేంత నెమ్మదిగా మాట్లాడింది.

"రెండు కావాలంటే రెండే పెట్టిస్తాను. అలమర కూడా. ఒట్టు, ఇంకో మాట అనను. ఇలా పెట్టిస్తే మాత్రం నేను పక్కనే ఉంటాను, చూస్తాను. ఏది కావాలో మీరు నిలబడి చెప్పండి."

అని తను తన చోట్లో నిలబడింది. రెండో చోటు ఖాళీగా ఉంది. నేను ఎక్కడ చూడాలో తెలియక కొలబద్ద మడిచాను, విప్పాను. నా అక్క అంత ఒంటరిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

బావ పలక దగ్గరికి వచ్చి, రెండు గుండ్రాల మధ్య రాయి మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, ఈసారి దాచుకోలేదు. నావైపు తిరిగి అడిగాడు.

"ఈ రాయి తీసేస్తే పలక నిలుస్తుందా?"

నిలుస్తుంది బావా అన్నాను. ముందు అంచు సన్నబడుతుంది గనక కింద ఇనుప పట్టీ ఇస్తానని, బరువు నా పెట్టె మోస్తుందని చెప్పాను. ఆయన తల ఊపి, వెళ్లి టేపు మీద నిలబడ్డాడు.

రాళ్ల మేస్త్రిని మళ్లీ పిలిచాం. ముందే చెప్పొచ్చు కదండీ, ఒకేసారి పోయేది అని సణిగాడు. కింద చెక్కలు ఆనించి, అంచు విరగకుండా నీళ్లు పోస్తూ మెల్లగా కోశాడు. మధ్య రాయి ఊడి నా చేతుల్లోకి వచ్చింది. రెండు గుండ్రాలూ ఒక్కటై పొడుగ్గా తెరుచుకున్నాయి. నాలుగున్నర అడుగుల బేసిన్, పలక మీద అంచు ఆనుకునే రకం, అందులో సరిగ్గా కూర్చుంది. అటూ ఇటూ సబ్బూ దువ్వెనా పెట్టుకునేంత పలక మిగిలింది. కుళాయిల జతలు రెండూ ఉన్నచోటే పనికొచ్చాయి. తిప్పే పిడులు తీసేసి, మోచేత్తో నెట్టినా తెరుచుకునే పొడుగు పిడులు బిగించింది అక్క. తూము ఒక్కటే వాడి, గోడలో రెండోదానికి మూత వేశాం. నా కోపంతో చేసిన అలమర పక్క గోడకి వెళ్లింది. మేకులు గట్టిగా ఉన్నాయి, ఊగదు.

ఈలోగా బావని డాక్టరుకి చూపించారు. భయపడే జబ్బు కాదన్నాడట, మందుతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదన్నాడట. పెద్దాయన్ని ఓసారి చూసి రావాలని బావ తనంతట తనే అన్నాడట. అవన్నీ అక్క ఫోన్లో చెప్పింది.

బేసిన్ పెట్టిన వారానికి, ఒక సొరుగు గొట్టానికి తగులుతోందంటే సరిచేద్దామని పొద్దున్నే వెళ్లాను. తలుపు తీసే ఉంది. పిలవబోయి ఆగాను. దీపాలు వెలుగుతున్నాయి. ఇద్దరూ బేసిన్ ముందే ఉన్నారు. అక్క నోటి చుట్టూ పళ్లపొడి నురగ ఇంకా అంటుకునే ఉంది, బావ ముఖం నిండా సబ్బు నురగ ఉంది, బేసిన్ నిండా ఇద్దరి నురగా కలిసి తూము వైపు జారుతోంది. రేజర్ అక్క చేతిలో ఉంది.

బావ తన సెలూన్లో కొత్తగా చేరినవాళ్లకి నేర్పినట్టు నేర్పుతున్నాడు. ఎదురుగా కాదు, పక్కన నిలబడు. రెండు వేళ్లతో చర్మం లాగి పట్టుకో. నొక్కకు, దాని బరువు చాలు. నోట్లో నాలుక లేని మనిషి అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. చెంపలు అయ్యాయి. మెడ దగ్గరికొచ్చేసరికి అక్క ఆగిపోయింది. రేజర్ ఆమె చేతిలో అటూ ఇటూ కదిలింది.

బావ అద్దంలో చూశాడు. "ఇప్పుడు వణికేది నీ చెయ్యి" అన్నాడు.

తెగుతుందేమో అంది అక్క. తెగితే తెగుతుంది, కాగితం ముక్కలు సొరుగులో ఉన్నాయన్నాడు. అని గడ్డం పైకెత్తి, మెడ చాచి, మెల్లగా కళ్లు మూసుకున్నాడు.